అప్రైజల్‌కి ఎవరు ముందు, ఎవరు వెనక?

ఉదయం 11 గంటలకు డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒక మెయిల్ వెళ్తుంది. వచ్చే రెండు వారాల్లో అప్రైజల్ మీటింగులు, షీట్‌లో మీకు వీలైన టైమ్ ఎదురుగా పేరు రాసుకోండి, ముందు రాసుకున్నవారిదే స్లాట్ అని దాని సారాంశం. పంపినవారి దృష్టిలో ఇందులో పక్షపాతమేమీ లేదు. ఎవరికీ ప్రత్యేకంగా ఏదీ కట్టబెట్టలేదు కదా! కానీ ఆ డిపార్ట్‌మెంట్‌లో ఏడుగురు సాయంత్రం అయిదున్నరకు డ్యూటీకి వచ్చి రాత్రి రెండున్నరకు క్యాబ్ ఎక్కేవాళ్లు. మెయిల్ వచ్చే వేళకు వాళ్లు నిద్రలో ఉంటారు. సాయంత్రం సీట్లో కూర్చుని షీట్ తెరిచేసరికి మంచి స్లాట్లన్నీ అయిపోయి ఉంటాయి. మిగిలినవల్లా ఉదయం పదిన్నరవీ, చివరి శుక్రవారానివీ. ఇక ఆ ఏడుగురూ సగం నిద్రతోనో, అందరి మాటా విని అలసిపోయిన మేనేజర్ ముందో తమ ఏడాది పని గురించి చెప్పుకోవాలి.

అప్రైజల్ అనగానే రేటింగ్ గురించి, హైక్ గురించి మాట్లాడుకుంటాం. మీటింగులు ఏ రోజు ఎవరితో అన్నది ఎవరో ఒక కోఆర్డినేటర్ అరగంటలో తేల్చేసే గుమాస్తా పని అనుకుంటాం. నిజానికి అన్యాయం చాలావరకు జరిగేది అక్కడే. ఎవరూ కావాలని చేయరు కాబట్టి అది ఎవరి కంటా పడదు.

హైదరాబాద్‌లో అమెరికా కంపెనీల లెక్కలు చూసే ఆఫీసులు చాలా ఉన్నాయి. అలాంటి ఒక విభాగాన్ని ఊహించుకుని ఈ పని మొదటి నుంచి చివరి దాకా చేసి చూద్దాం. మొత్తం 24 మంది. అందులో 14 మంది జనరల్ షిఫ్ట్, ఇద్దరు విజయవాడ, వరంగల్‌లలో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, ఏడుగురు రాత్రి షిఫ్ట్, ఒకరు న్యూజెర్సీలో క్లయింట్ ఆఫీసులో ఉన్నారు. అందరితోనూ మాట్లాడాల్సింది ఒక్కరే మేనేజర్.

మొదట తేల్చాల్సింది మేనేజర్ దగ్గర ఉన్న సమయం. ఒక్కో మీటింగ్‌కి 45 నిమిషాలు, అది అయ్యాక మాట్లాడుకున్నది రాసుకోవడానికి మరో 15 నిమిషాలు పెడితే 24 మందికి 24 గంటలు. ఒక్కొక్కరి కాగితాలు ముందుగా చదవడానికి అరగంట చొప్పున ఇంకో 12 గంటలు. అంటే 36 గంటలు, దాదాపు ఒక వారం పని. ఈ లెక్క వేయకుండా అరగంట చొప్పున రోజుకు ఎనిమిది మీటింగులు పేర్చేస్తే ఏమవుతుందో చాలామందికి అనుభవమే. మొదటిది పది నిమిషాలు పొడుగవుతుంది, రెండోది ఇంకో పది. నాలుగో మనిషి కారిడార్‌లో ఫోన్ చూసుకుంటూ నిలబడతాడు. సాయంత్రం వచ్చేవాళ్లకు "మీ సంగతి నాకు తెలుసు కదా, ఏమైనా ఉంటే చెప్పండి" అన్న మాటతో పది నిమిషాల్లో ముగుస్తుంది.

కాబట్టి రోజుకు నాలుగుకు మించకూడదని ముందే గీత గీసుకోవాలి. మా ఊహా విభాగంలో రెండు వారాలు, అంటే పది పనిదినాలు తీసుకుందాం. ఎనిమిది రోజులు మీటింగులకు, చివరి రెండు రోజులు పూర్తిగా ఖాళీగా. ఆ ఖాళీ రోజులను చూసి "అక్కడ కూడా పెట్టేయొచ్చు కదా" అని ఎవరో ఒకరు అంటారు. పెట్టకూడదు. ఒకరికి జ్వరం వస్తుంది, మేనేజర్‌కి అకస్మాత్తుగా క్లయింట్ కాల్ పడుతుంది. వాయిదా పడినవాళ్లకు ఆ రెండు రోజులు లేకపోతే వాళ్ల మీటింగ్ నెలాఖరుకు జారి, చివరికి ఫోన్‌లో ముగుస్తుంది.

ఏ రెండు వారాలన్నది కూడా తేలిక విషయం కాదు. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి ఏప్రిల్ మొదటి రోజునే మొదలుపెట్టాలనిపిస్తుంది. కానీ లెక్కల విభాగంలో ప్రతి నెలా మొదటి నాలుగైదు పనిదినాలు ముగిసిన నెల ఖాతాలు మూయడానికే సరిపోతాయి. పైగా ఏప్రిల్ అంటే మూడు నెలల లెక్క కూడా కలిసొస్తుంది. అప్పుడు పిలిస్తే మనిషి వస్తాడు గానీ మనసు ఎక్సెల్ షీట్‌లోనే ఉంటుంది. రెండో వారంలో మొదలుపెట్టడం మేలు. ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. రంజాన్ నెల ఆ రోజుల్లో వచ్చిన ఏడాది ఉపవాసం ఉండేవాళ్లకు ఇఫ్తార్ వేళ స్లాట్ పడకుండా చూడాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ సమయం మాత్రం ఏ ఏడాదైనా గుర్తుండాల్సిందే.

ఇప్పుడు స్లాట్లు. పగటివాళ్లకు ఉదయం 10:30, మధ్యాహ్నం 12, 3 గంటలు. రాత్రి షిఫ్ట్‌కీ న్యూజెర్సీకీ సాయంత్రం 6, 7:30. అంటే ఎనిమిది రోజుల్లో పగటి స్లాట్లు 24, కావలసింది 16 మందికి. సాయంత్రం స్లాట్లు 16, కావలసింది ఎనిమిది మందికి. ఎంచుకోవడానికి చోటుండాలంటే మనుషుల కంటే స్లాట్లు ఎక్కువ ఉండాలి. ఏ రోజైనా నాలుగు నిండగానే ఆ రోజు మిగతా స్లాట్లను మూసేయాలి.

రాత్రి షిఫ్ట్ వాళ్లకు సాయంత్రం ఆరు ఎందుకంటే, అది వాళ్లకు ఉదయం. డ్యూటీ మొదలైన తొలి గంట. తెల్లవారుజామున మూడున్నరకు ఇల్లు చేరిన మనిషిని పదిన్నరకు రమ్మనడమంటే, జనరల్ షిఫ్ట్ ఉద్యోగిని అర్ధరాత్రి దాటాక పిలవడంలాంటిదే. ఇక్కడ మేనేజర్ కొంచెం సర్దుకోవాలి. సాయంత్రం మీటింగులున్న రోజు తాను మధ్యాహ్నం రావచ్చు. అప్పుడు ఆ రోజు 10:30, 12 గంటల స్లాట్లను ముందే కొట్టేసి పంపాలి. అలా మూడు రోజులు చేసినా పగటి స్లాట్లు 18 మిగులుతాయి, 16 మందికి సరిపోతాయి. న్యూజెర్సీ సంగతికి వస్తే, అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. డిసెంబరులో మన రాత్రి 7:30 అక్కడ ఉదయం 9, ఏప్రిల్‌లో అదే 7:30 అక్కడ 10. పాత షీట్‌ను కాపీ చేసే అలవాటున్న ఆఫీసుల్లో ఈ ఒక్క గంటే మీటింగ్‌ని తప్పిస్తుంది. క్యాలెండర్ ఆహ్వానం పంపితే సాఫ్ట్‌వేర్ తనే సర్దుతుంది. మెయిల్‌లో టైమ్ రాస్తే మాత్రం రెండు ఊళ్ల టైమూ రాయాలి.

ఇక పంపకం. ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతి ఎవరికి లాభమో చూశాం. అక్షర క్రమం పెట్టినా, సీనియారిటీ పెట్టినా ప్రతి ఏడాదీ అవే పేర్లు ముందు, అవే పేర్లు వెనక. మేనేజరే తనకు తోచినట్టు వేస్తే అందులో లోపం లేకపోయినా ఉందనే అనుకుంటారు. నా లెక్కలో మేలైనది కోరికలు అడిగి, చీటీలు వేసే పద్ధతి.

ప్రతి ఒక్కరూ మూడు స్లాట్లు వరుసగా రాసి ఇస్తారు: ఇది మొదటి కోరిక, ఇది రెండోది, ఇది మూడోది. అసలు కుదరని స్లాట్లు కూడా రాస్తారు, కారణం మాత్రం రాయనక్కర్లేదు. డాక్టర్ అపాయింట్‌మెంటో, కోర్టు వాయిదానో, ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూనో, అది వాళ్ల సొంత విషయం. ఈ కోరికలు అందరికీ కనిపించే షీట్‌లో కాకుండా కోఆర్డినేటర్‌కి విడిగా వెళ్లాలి. గడువు రెండు పూర్తి పనిదినాలు ఉండాలి. సోమవారం ఉదయం మెయిల్ పంపితే బుధవారం రాత్రి పదింటి వరకు. అప్పుడు ఏ షిఫ్ట్ వాళ్లయినా కనీసం రెండు సార్లు సీట్లో కూర్చుని ఉంటారు. గడువు లోపల ఎప్పుడు పంపినా విలువ ఒకటే. మొదటి నిమిషంలో పంపినందుకు లాభం లేదు.

గడువు ముగిశాక చీటీలు. పగటివాళ్ల 16 పేర్లు ఒక డబ్బాలో, సాయంత్రం వాళ్ల ఎనిమిది పేర్లు ఇంకో డబ్బాలో. ఇద్దరు ముగ్గురి ఎదుట తీసి వరుస నంబర్లు వేస్తారు. ఆ తర్వాత నంబరు ప్రకారం ఒక్కొక్కరి మొదటి కోరిక చూసి, ఖాళీ ఉంటే ఇచ్చేయడమే. లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. మూడూ పోతే అతనికి ఫోన్ చేసి మిగిలినవాటిలో ఎంచుకోమంటారు. ఎవరికి ఏమి ఇవ్వాలో ఇక కోఆర్డినేటర్ ఆలోచించాల్సిన అవసరం లేదు. ఆ మనిషి పేరు కూడా ఆ 24లో ఉంటే, ఆలోచించే వీలు లేకపోవడమే మంచిది.

ఒక ఢీ చూద్దాం. మొదటి బుధవారం మధ్యాహ్నం 3 గంటలను ముగ్గురు మొదటి కోరికగా రాశారు. చీటీల్లో వాళ్ల నంబర్లు 4, 9, 13. నాలుగో నంబరుకి ఆ స్లాట్ వెళ్లింది. తొమ్మిదో నంబరు రెండో కోరిక గురువారం 12 గంటలు, అది ఖాళీగా ఉంది, ఇచ్చారు. పదమూడో నంబరు రెండో కోరిక కూడా గురువారం 12, అది ఇప్పుడే పోయింది. మూడో కోరిక శుక్రవారం 10:30 దొరికింది. ఈ ముగ్గురిలో పదమూడో నంబరుకే నష్టం. అందుకని అతని పేరు పక్కన "మూడో కోరిక" అని రాసి ఉంచుతారు. అక్టోబరులో జరిగే అర్ధ సంవత్సరం మీటింగులకు చీటీలు వేసేటప్పుడు మూడో కోరికతో సరిపెట్టుకున్నవాళ్లు, ఏదీ దొరకనివాళ్లు ముందు వరుసలో ఉంటారు, వాళ్లలో వాళ్లకే చీటీలు. ఒక్కసారి వేసిన చీటీ అదృష్టం మాత్రమే. నష్టపోయినవాళ్లను గుర్తు పెట్టుకుంటేనే అది న్యాయమవుతుంది, ఈ రెండో అడుగును చాలా ఆఫీసులు మర్చిపోతాయి.

స్లాట్లు ప్రకటించాక ఇద్దరు మార్చుకుంటామంటే మార్చుకోనివ్వాలి. కానీ ఇద్దరూ విడివిడిగా కోఆర్డినేటర్‌కి రాయాలి, మీటింగ్‌కి ఒక పనిదినం ముందే రాయాలి. "టీమ్ లీడ్ అడిగాడు, కాదనలేకపోయా" అనే మార్పిడిని ఆపడానికి ఆ విడి మెయిల్ పనికొస్తుంది. క్యాలెండర్‌లో ఆహ్వానం పెట్టేటప్పుడు దాన్ని Private అని గుర్తించడం మరిచిపోకూడదు. లేకపోతే ఎవరి అప్రైజల్ ఎప్పుడో, ఎవరిది ఎన్నిసార్లు వాయిదా పడిందో ఆఫీసంతా చదువుకుంటుంది.

స్లాటు ముందా వెనకా అన్నది నిజంగా అంత తేడా చేస్తుందా? దీని గురించి తరచూ చెప్పే ఉదాహరణ ఇజ్రాయెల్ పెరోల్ బోర్డులది. 2011లో ఒక అమెరికన్ సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, జడ్జీలు విరామం తర్వాత వెంటనే విన్న కేసుల్లో ఖైదీలకు అనుకూల నిర్ణయాలు సుమారు 65 శాతం. తర్వాతి విరామం దగ్గర పడేకొద్దీ అవి దాదాపు సున్నాకు జారాయి. ఆకలి, అలసట తీర్పును మారుస్తాయని ప్రపంచమంతా దీన్ని చెప్పుకుంది. అదే ఏడాది అదే పత్రికలో ఇద్దరు పరిశోధకులు ఒక అభ్యంతరం రాశారు. కేసుల వరుస యాదృచ్ఛికంగా వచ్చింది కాదట. లాయర్ లేని ఖైదీల కేసులు సాధారణంగా విరామానికి ముందు, చివరన వచ్చేవి. వాళ్లకు ఎటూ అనుకూల నిర్ణయాలు తక్కువే. జడ్జి అలసిపోయాడా, వరుసే అలా ఉందా అన్న చర్చ మాట అటుంచితే, మన పనికి ఈ అభ్యంతరమే ఎక్కువ ఉపయోగం. బలం లేనివాళ్లు తమంతట తామే చివరికి చేరే ఏర్పాటు ఒకటి అక్కడ ఉంది, బయటికి అది మామూలు జాబితాలాగే కనిపించింది. చీటీలు వేయడం ఆ జాబితాను విడగొడుతుంది.

వరుస కంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది: రేటింగులు ఎప్పుడు ఖరారవుతాయి? హెచ్‌ఆర్‌కి పంపాల్సిన గడువు మీటింగులకు ముందే ఉంటే ఈ కసరత్తంతా నాటకం. మీటింగుల మధ్యలో ఉంటే మొదటి వారం మాట్లాడినవాళ్ల మాటకు విలువ ఉంటుంది, రెండో వారం వాళ్లది విని వదిలేసినట్టే. 24 మందితోనూ మాట్లాడాక, ఆ ఖాళీ రెండు రోజులు కూడా గడిచాక రేటింగులు పంపుతామని ముందుగా ప్రకటించాలి. హెచ్‌ఆర్ గడువు అందుకు ఒప్పుకోకపోతే మీటింగులనే ముందుకు జరపాలి.

ఇక సిద్ధం కమ్మని చెప్పే మెయిల్. "దయచేసి చర్చకు సిద్ధంగా రండి" అనే వాక్యం ప్రతి ఆఫీసులోనూ తిరుగుతుంది. దేనికి సిద్ధం? దాన్ని చదివి జాగ్రత్తపరుడు నలభై స్లైడ్లు చేస్తాడు, ధీమా ఉన్నవాడు ఖాళీ చేతులతో వస్తాడు, భయస్తురాలు రెండు రాత్రులు నిద్రపోదు. మీటింగ్‌లో వాళ్ల మధ్య కనిపించే తేడా పనిలో తేడా కాదు, ఆ వాక్యాన్ని ఎవరు ఎలా అర్థం చేసుకున్నారన్న తేడా. మా ఊహా విభాగం మేనేజర్ రాయాల్సిన మెయిల్ ఇలా ఉంటే చాలు:

"మీ మీటింగ్ గురువారం మధ్యాహ్నం 12 నుంచి 12:45 వరకు, మూడో అంతస్తులోని చిన్న గదిలో. మీరూ నేనూ మాత్రమే ఉంటాం. గత ఏప్రిల్ 1 నుంచి ఈ మార్చి 31 దాకా చేసిన పని గురించి మాట్లాడుకుందాం. మంగళవారం సాయంత్రం లోపు ఒక్క పేజీ రాసి పంపండి: ఈ ఏడాది మీరు చేసినవాటిలో ముఖ్యమైన మూడు పనులు, అనుకున్నట్టు జరగని ఒకటి, దానికి కారణం, వచ్చే ఏడాది నా నుంచి మీకు కావలసిన సాయం. స్లైడ్లు అక్కర్లేదు. కింది ఏడాది మనం రాసుకున్న లక్ష్యాలు, మీ పని మీద నా దగ్గర ఉన్న అంకెలు నేనూ మంగళవారమే పంపుతాను. వాటిలో తప్పులుంటే మీటింగ్‌లో చెప్పండి. జీతం సంగతి ఈ మీటింగ్‌లో రాదు, హైక్ లెటర్ వచ్చాక విడిగా మాట్లాడదాం. తెలుగు, ఇంగ్లిష్, హిందీ, మీకు ఏది సులువైతే ఆ భాషలో మాట్లాడండి. రాలేని పరిస్థితి వస్తే కోఆర్డినేటర్‌కి ఒక్క మెసేజ్ పెట్టండి, కారణం చెప్పనక్కర్లేదు."

ఈ మెయిల్‌లో అసలైన వాక్యం మేనేజర్ తన అంకెలు రెండు రోజుల ముందే పంపుతానన్నది. ఇన్‌వాయిసుల్లో తప్పులు ఎన్ని, ఆలస్యమైనవి ఎన్ని అన్న లెక్క ఉద్యోగి మొదటిసారి ఆ గదిలో, మేనేజర్ లాప్‌టాప్ తెర మీద చూస్తే, మిగతా నలభై నిమిషాలు ఆ అంకె చుట్టూ వాదనతోనే సరిపోతుంది. అందులో మూడు తప్పులు క్లయింట్ పంపిన ఫైలువని ఇంటికెళ్లాక గుర్తొస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దేవ్ దత్ కేసులో 2008లో ఇచ్చిన తీర్పులో, ఉద్యోగి గురించి రహస్య నివేదికలో రాసిన ప్రతి గ్రేడునూ ఆ ఉద్యోగికి తెలియజేయాలని కోర్టు చెప్పింది. ఆ మరుసటి ఏడాది కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో, నివేదిక మొత్తం చేతికిచ్చి బదులు రాసుకోవడానికి 15 రోజులు ఇవ్వడం మొదలైంది. ప్రైవేటు ఆఫీసులకు ఆ నిబంధన లేదు. రెండు పనిదినాలైనా ఇవ్వడానికి నిబంధన ఎందుకు?

జీతం మాట వేరుగా ఉంచడమూ కొత్త సలహా కాదు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో జరిగిన అప్రైజల్ మీటింగులను పరిశీలించి మేయర్, కే, ఫ్రెంచ్ అనే ముగ్గురు 1965లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. విమర్శ ఎక్కువయ్యేకొద్దీ మనిషి తనను కాపాడుకునే పనిలో పడతాడని, పని మెరుగుపడే మాటనూ జీతం మాటనూ ఒకే మీటింగ్‌లో కలపవద్దని వాళ్లు తేల్చారు. ఎంత పెరుగుతుందో అన్న లెక్క తలలో తిరుగుతున్న మనిషికి మిగతా మాటలు చెవిన పడవు. అయితే విడిగా మాట్లాడతామంటే సరిపోదు, ఎప్పుడో కూడా చెప్పాలి. లేకపోతే తప్పించుకుంటున్నారనే అనుకుంటారు.

భాష గురించిన ఆ ఒక్క వాక్యం కొందరికి అనవసరం అనిపించొచ్చు. ఫారం ఇంగ్లిష్‌లో ఉంటుంది, పని గురించి రోజూ తెలుగులోనే మాట్లాడుకుంటారు, అప్రైజల్ గదిలోకి వెళ్లగానే ఇద్దరూ ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. ఇంగ్లిష్ ధారాళంగా వచ్చినవాడి పనే బాగా జరిగినట్టు వినిపిస్తుంది. ఇది మన ఆఫీసుల్లో అందరూ చూసేదే, ఎవరూ రాయనిది.

ఈ పద్ధతికి పరిమితి ఉంది. 24 మందికి ఒక మేనేజర్ సరిపోయాడు, 60 మందికి సరిపోడు. అప్పుడు ముగ్గురు మాట్లాడాలి, ఎవరు ఎవరి చేతిలో పడ్డారన్నది స్లాటు కంటే పెద్ద అదృష్టమవుతుంది. దాన్ని చీటీలు సరిచేయలేవు. ఆ ముగ్గురూ రేటింగులు పంపే ముందు ఒక గదిలో కూర్చుని తమ కొలతలు ఒకటేనా అని చూసుకోవాలి. ప్రసూతి సెలవులో ఉన్నవాళ్ల సంగతీ వేరే. చట్టం ప్రకారం 26 వారాల సెలవు కాబట్టి ఆమె ఈ రెండు వారాల్లో ఆఫీసులో ఉండకపోవచ్చు. ఆమెను జాబితా నుంచి తీసేయకూడదు, సెలవులో పిలవనూ కూడదు. తిరిగి వచ్చిన మొదటి వారాల్లో ఆమెకు ఒక స్లాట్ ముందే రాసిపెట్టాలి.

అంతా అయ్యాక న్యాయంగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి సర్వే అక్కర్లేదు. ప్రతి మీటింగ్ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో మేనేజర్ రాసుకుంటే చాలు. పగటివాళ్లతో సగటున 45 నిమిషాలు, రాత్రి షిఫ్ట్‌తో 20 నిమిషాలు పట్టి ఉంటే స్లాట్లు సరిగ్గా పంచినా సమయం పంచలేదన్నమాట. రోజులో చివరి మీటింగులు ఎప్పుడూ చిన్నవవుతుంటే, వచ్చేసారి రోజుకు నాలుగు కాదు, మూడే పెట్టుకోవాలి. వాయిదాలు ఎవరివి పడ్డాయో కూడా చూడాలి. ఒకే టీమ్ వాళ్లవి పదేపదే పడుతుంటే అది యాదృచ్ఛికం కాకపోవచ్చు.

మీరు ఆ కుర్చీకి ఇవతలి వైపు కూర్చునేవారైతే, "రేపు నాలుగింటికి రండి" అనే మెయిల్ వచ్చినప్పుడు మూడు సంగతులు తిరిగి అడగండి: ఏ కాలానికి సంబంధించిన మీటింగ్, మీ అంకెలు నాకు ముందుగా ఎప్పుడు పంపుతారు, రేటింగులు ఏ తేదీన ఖరారవుతాయి. మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి.